నాలుగు పేజీల క్షమాపణ



కొన్ని నెలల క్రితం ఇషా నమాజు ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక సోదరుడు మా వద్ద కూర్చుని జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశారు. పొడుగు నోటుపుస్తకంలోంచి చింపిన నాలుగు పేజీలు, రెండు వైపులా రాసినవి. "హజ్రత్, ఇది నా స్నేహితునికి పంపవలసిన మాఫీ ఉత్తరం. ఒకసారి చూసిపెట్టండి. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు" అన్నారు. నేటి ప్రసంగం ఆ ఉత్తరం గురించే. ఆయన అనుమతి తీసుకున్నాము. మనుషులను గుర్తుపట్టే ఆనవాళ్లన్నీ మార్చాము. కనుక ఎవరై ఉంటారా అని పక్కవారి ముఖాలు చూడకండి.

జరిగింది ఇది. ఇద్దరూ ముప్పై ఏళ్ల స్నేహితులు. ఒకరి కుమార్తె నికాహ్‌కు రెండవవారు అరవై వేల రూపాయలు ఖర్జె హసనాగా ఇచ్చారు. ఈ సంగతి మన ఇద్దరి మధ్యనే ఉండాలని తీసుకున్నవారు కోరారు, ఇచ్చినవారు మాట ఇచ్చారు. నికాహ్ జరిగింది. మర్నాడు పెళ్లికొడుకు ఇంట వలీమా. దస్తర్ఖాన్ మీద వియ్యంకులు ఎదురుగా కూర్చున్నారు. ముందునాటి విందు ఎంతో బాగుందని వారు మెచ్చుకున్నారు. అప్పుడు అప్పు ఇచ్చిన ఈ సోదరుడు నవ్వుతూ, "బాగుండకేం, ఆ బిర్యానీలో సగం నా డబ్బే కదా" అన్నారు. కొందరు నవ్వారు. పెళ్లికూతురి తండ్రి చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టి, చేతులు కడుక్కొని లేచి వెళ్లిపోయారు. ఆనాటి నుండి ఫజ్ర్‌లో ఈయన పక్కన నిలబడడం మానేశారు.

మేము ఉత్తరం చదివాము. మొదటి పేజీ అంతా క్షేమసమాచారాలు, చిన్ననాటి జ్ఞాపకాలు. రెండవ పేజీలో ఆ రోజు తన పరిస్థితి: రెండు రాత్రులుగా నిద్ర లేదు, రక్తపోటు మాత్ర వేసుకోవడం మరచిపోయారు, మాట దానంతటదే నోరు జారింది. మూడవ పేజీ సగం దాటాక గానీ అసలు మాట రాలేదు. అది ఇలా ఉంది: "ఒకవేళ నా మాట వల్ల నీకు ఏమైనా బాధ కలిగి ఉంటే మాఫ్ చెయ్యి, కానీ నేను సరదాగా అన్నదే తప్ప మనసులో ఏమీ లేదని నీకూ తెలుసు." ఆ తర్వాత పన్నెండేళ్ల క్రితం ఆ స్నేహితుడు తనను నలుగురిలో ఏదో అన్న సంగతి, దానిని తాను మనసులో పెట్టుకోలేదన్న సంగతి. చివరి పేజీలో, ముస్లిం తన సోదరునితో మూడు దినాలకు మించి మాటలు మానుకోవడం ధర్మసమ్మతం కాదన్న హదీసు. దాని కింద, ఇప్పటికి నలభై రోజులైందని లెక్క. ముగింపులో తాను పాపిష్టివాడినని, బతికి ప్రయోజనం లేదని ఆరేడు వాక్యాలు.

సోదరులారా, ఈ మనిషి కపటి కాడు. మా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అయినా ఆ కాగితం చదివిన ఎవరికైనా అది క్షమాపణ అనిపించదు, వకీలు దాఖలు చేసిన జవాబు అనిపిస్తుంది. మనసులో ఉన్న పశ్చాత్తాపం కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకు ఇలా మారిపోతుందో మేము ఆలోచించాము.

ఖుర్ఆన్‌లో ఆదం (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని గుర్తు చేసుకోండి. నిషిద్ధ వృక్షం విషయంలో ఆయననూ హవ్వానూ షైతాన్ మోసగించాడు. ఇది కల్పన కాదు, స్వయంగా అల్లాహ్ తెలిపిన వాస్తవం. వాడు ప్రమాణాలు చేసి మరీ నమ్మించాడు. అయితే ఆరాఫ్ సూరాలో వారిరువురూ చేసుకున్న వేడుకోలును చూస్తే అందులో షైతాన్ పేరే లేదు. తమకు తామే అన్యాయం చేసుకున్నామని ఒప్పుకొని, మన్నింపును, కరుణను కోరారు. అంతా ఒక్క వాక్యం. అదే సూరాలో, దానికి కొంచెం ముందు, ఇబ్లీస్ తన దారి తప్పడాన్ని అల్లాహ్‌కే అంటగట్టాడు. ఆదం వద్ద నిజమైన సాకు ఉంది, వాడలేదు. ఇబ్లీస్ వద్ద సాకు లేదు, కల్పించాడు. సాకు నిజమైనదైతే చెప్పుకోవచ్చు కదా అని మనలో చాలామంది అనుకుంటాము. ఈ సోదరుని నిద్రలేమి నిజమే, రక్తపోటు నిజమే. కానీ అవి ఎవరికి పనికివచ్చే సమాచారం? గాయపడిన మిత్రునికి వాటితో పని లేదు. రాసేవారి భారం తగ్గడానికే అవి పనికివస్తాయి.

అందుచేత మేము ఆయన చేతికి కలం ఇచ్చి, ఒక్కొక్క వాక్యం వద్ద ఆగి, ఇది నీ మిత్రుడు తెలుసుకోవలసిన విషయమా, నీవు చెప్పుకోవలసిన విషయమా అని అడుగుతూ వెళ్లాము. రెండవ పేజీ మొత్తం కొట్టివేయబడింది.

వివరణ ఎన్నడూ ఇవ్వరాదని మేము అనడం లేదు. ఆ స్నేహితుడు, 'ఈ సంగతి వీడు ఇంకా ఎంతమందికి చెప్పాడో' అని అనుమానిస్తూ ఉంటే, మరెవరికీ చెప్పలేదన్న ఒక్క వాక్యం అతనికి ఊరట. అది నిజమైన పక్షంలో దానిని ఉంచవలసినదే. మేము అడిగితే, ఈ సోదరుడు కొంచెంసేపు తటపటాయించి, తన బావమరిదికి కూడా చెప్పినట్లు ఒప్పుకున్నారు. కనుక ఆ వాక్యం రాసే హక్కు ఆయనకు లేకపోయింది.

ఇక మాటల విషయం. మన తెలుగులో ఒక వెసులుబాటు ఉంది, అది తప్పు చేసినవారికి మహా అనుకూలం. 'పొరపాటు జరిగిపోయింది' అంటాము. 'నోరు జారింది', 'మాట వచ్చేసింది' అంటాము. ఎవరు చేశారో వాక్యంలో కనిపించదు. తప్పు తనంతట తానే నడిచి వచ్చి దస్తర్ఖాన్ మీద కూర్చున్నట్లు ఉంటుంది. మన ఇళ్లలో మాట్లాడుకునే ఉర్దూలోనూ ఇంతే. 'ముఝ్ సే గల్తీ హో గయీ' అంటాము, 'మైనే గల్తీ కీ' అనడానికి నాలుక తిరగదు. ఈ సోదరుని ఉత్తరంలో 'జరిగింది', 'జారింది', 'అయిపోయింది' అన్న క్రియలు తొమ్మిది లెక్కకు వచ్చాయి. 'నేను అన్నాను' అన్నది ఒక్కసారి కూడా లేదు. 'మాట జారింది' అన్నచోట 'నేను చెప్పాను' అని మార్చమన్నప్పుడు ఆయన చేయి కాసేపు ఆగింది. ఉత్తరమంతటిలో ఆయనకు కష్టమైన దిద్దుబాటు అదే.

'ఒకవేళ బాధ కలిగి ఉంటే' అన్న మాట దీనికి తోబుట్టువు. అన్నం ముందునుండి లేచిపోయి, నలభై రోజులుగా పక్కన నిలబడని మనిషిని 'ఒకవేళ' అని అడగడమేమిటి? ఆ మాటలో సందేహం మాత్రమే కాదు, ఒక నింద కూడా ఉంది. నా మాట మామూలుదే, నీ మనసే సున్నితం అన్నట్లు వినబడుతుంది. 'కానీ' సంగతి మీకందరికీ తెలిసిందే, దాని ముందున్నదాన్నంతా అది మింగేస్తుంది.

పన్నెండేళ్ల నాటి సంగతి కొట్టివేయడానికి ఆయన ఒప్పుకోలేదు. "హజ్రత్, అది కూడా నిజమే కదా, అతను నన్ను అన్నాడు కదా" అన్నారు. నిజమే అయి ఉండవచ్చు. దానికి వేరే రోజు, వేరే సంభాషణ ఉండాలి. మాఫీ అడిగే కాగితంలో పాత బాకీ జమచేస్తే అది మాఫీ కాదు, చెల్లుబాటు ఖాతా. ఇక్కడ మేము ఆయనకు హజ్రత్ అబూబక్ర్ (రజియల్లాహు అన్హు) ఉదంతం చెప్పాము. హజ్రత్ అబూ దర్దా (రజి) ఉల్లేఖించగా బుఖారీలో ఉన్నది. అబూబక్ర్‌కు, ఉమర్‌కు మధ్య ఏదో మాట వచ్చింది. అబూబక్ర్ తొందరపడి ఒక మాట అన్నారు, వెంటనే పశ్చాత్తాపపడి మన్నించమని అడిగారు. ఉమర్ మన్నించలేదు. అబూబక్ర్ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చి జరిగినది తెలిపారు. ఆలోగా ఉమర్ కూడా తన నిరాకరణకు చింతించి, అబూబక్ర్ ఇంటికి వెళ్లి, ఆయన అక్కడ లేకపోవడంతో ప్రవక్త వద్దకే వచ్చారు. దైవప్రవక్త ముఖకవళికలు మారడం చూసి అబూబక్ర్ భయపడ్డారు. తన కోసం కాదు, ఉమర్ కోసం. మోకాళ్లపై కూర్చొని, తానే ఎక్కువ అన్యాయం చేశానని రెండుసార్లు విన్నవించుకున్నారు. ఉమర్ తనను మన్నించని సంగతి ఆ క్షణాన ఎత్తిచూపుకుంటే తప్పు పట్టేవారెవరు? అయినా ఎత్తలేదు. తన మాట తనది, అంతే.

చివరి పేజీలోని హదీసు విషయంలో మాత్రం మేము కొంచెం గట్టిగానే మాట్లాడాము. మూడు దినాల హదీసు సత్యమైనది, దానిలో సందేహం లేదు. కానీ గాయం చేసినవాడు గాయపడినవానికి దానిని చదివి వినిపిస్తే అది బోధ కాదు. మన్నించకపోతే నీవే పాపివి అని మెడ మీద కత్తి పెట్టడం. దైవప్రవక్త వాక్కును మన పరువు కాపాడుకునే పనిముట్టుగా వాడుకోకూడదు. ఆ హదీసు ఆ మిత్రునికి తెలియనిది కాదు. వినిపించవలసి వస్తే మరెవరైనా వినిపిస్తారు. ఆత్మనిందా వాక్యాలను కూడా తీసివేయించాము. 'నేను బతికి ప్రయోజనం లేదు' అని చదివితే, పాపం ఆ మిత్రుడే ఈయనను ఓదార్చవలసి వస్తుంది. దెబ్బ తిన్నవాడే మందు పూయాలా?

ఇంత కొట్టివేశాక కాగితం మీద ఏమి మిగిలిందో ఊహించండి. సలాం మిగిలింది, మాఫ్ చేయమన్న మాట మిగిలింది. ఉత్తరం పొట్టిదైంది. మరి సత్యమైనదైందా? ఇంకా కాలేదు.

అప్పుడు మేము ఒక మాట అడిగాము: "ఆ అమ్మాయి ఎలా ఉంది?" ఆయన చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత చెప్పారు. ఆ వలీమా తర్వాత అత్తవారింట ఆ అమ్మాయికి ఎత్తిపొడుపు మాటలు మొదలయ్యాయట. అప్పు తెచ్చిన బిర్యానీ అని ఆడబిడ్డలు అన్నారట. ఆ సంగతి ఈయనకు మొదటి వారంలోనే తెలుసు. నాలుగు పేజీలలో, రెండు వైపులా, ఆ అమ్మాయి ప్రస్తావన ఒక్క అక్షరం లేదు.

సోదరులారా, ఉత్తరం ఎందుకు పొడుగైందో మాకు అప్పుడు అర్థమైంది. చెప్పవలసినదాన్ని చెప్పకుండా దాని చుట్టూ తిరిగితే దారి పొడవవుతుంది. తాను నవ్వులాటగా అన్న ఒక్క మాటకు ఈయన మాఫీ అడుగుతున్నారు. ఆ తండ్రి మోస్తున్నది మాత్రం కూతురి కన్నీరు. ఆ రెండింటికీ పొంతన లేనప్పుడు ఎంత అందంగా రాసినా అది అతనికి చేరదు. ధర్మవేత్తలు తౌబాకు షరతులు చెప్పారు. పాపాన్ని మానుకోవాలి, చింతించాలి, తిరిగి చేయరాదని నిశ్చయించుకోవాలి. తోటి మనిషి హక్కుకు సంబంధించినదైతే ఆ హక్కు నుండి విముక్తి పొందాలన్నది నాలుగవది. ఇమాం నవవీ (రహిమహుల్లాహ్) రియాజుస్సాలిహీన్‌లో తౌబా అధ్యాయపు ఆరంభంలోనే దీనిని పేర్కొన్నారు. ఏ హక్కు కాజేశామో పేరు పెట్టకుండా దానినుండి విముక్తి ఎలా అడుగుతాము? హజ్‌కు బయలుదేరేవారు ఇంటింటికీ వెళ్లి 'కహా సునా మాఫ్ కర్నా' అని అడగడం మన మంచి ఆచారం. తెలియక చేసిన తప్పులకు అది చాలు. షబె బరాత్ రాత్రి రెండు వందల మందికి ఒకే మాఫీ సందేశం ఫోన్‌లో పంపడాన్ని గురించి అంత మంచి మాట చెప్పలేము. తెలిసి చేసిన తప్పుకు మాత్రం దాని పేరు చెప్పి అడగవలసిందే. అయితే మనం చాటున చేసిన పరోక్షనింద అవతలివారి చెవిన పడనే లేదనుకోండి, చెబితే కొత్త గాయమయ్యేటట్లయితే, చెప్పకుండా అతని కోసం దుఆ చేసి, ఎక్కడ నిందించామో అక్కడే మంచి చెప్పాలని పలువురు విద్వాంసులు అన్నారు. ఇక్కడ ఆ పరిస్థితి లేదు, దెబ్బ తగిలినవారికి అంతా తెలుసు.

మరొక సలహా ఆయనే తెచ్చారు. అరవై వేలు మాఫ్ చేశానని రాస్తాను అన్నారు. మేము వద్దన్నాము. డబ్బు పేరు ఎత్తినందుకే అతను గాయపడ్డాడు. అదే ఉత్తరంలో మళ్లీ డబ్బు ఎత్తితే పరువుకు వెల కట్టినట్లుంటుంది. ఇచ్చినదాన్ని ఎత్తిచూపి మనసు నొప్పించడం దానధర్మాలనే వృథా చేస్తుందని బఖరా సూరా హెచ్చరించింది. ఖర్జ్ మాఫ్ చేయదలిస్తే వేరే సమయంలో, వేరే విధంగా చేసుకోవచ్చు.

చివరకు ఆయన ఒక కొత్త కాగితం తీసుకొని రాసినది ఇది. మాటలు ఆయనవే. రెండుచోట్ల మాత్రమే మేము దిద్దాము.

"భాయ్, అస్సలాము అలైకుమ్. వలీమా రోజు దస్తర్ఖాన్ దగ్గర, మీ వియ్యంకుల ముందు, అప్పు సంగతి నేను బయటపెట్టాను. ఎవరికీ చెప్పనని నీకు మాటిచ్చి కూడా చెప్పాను. మా బావమరిదికీ చెప్పాను. నీ తల దించాను. నా మాట వల్ల అమ్మాయి అత్తవారింట్లో మాటలు పడుతోంది, అది నాకు తెలిసి కూడా ఇన్నాళ్లు నీ దగ్గరికి రాలేదు. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యమని అడుగుతున్నాను. నువ్వు సరేనంటే మీ వియ్యంకుల ఇంటికి వెళ్లి, ఆ మాట నేను అనకూడనిదని, అందులో నీ తప్పుగానీ అమ్మాయి తప్పుగానీ లేదని చెప్తాను. వద్దంటే వెళ్లను. జవాబుకి తొందర లేదు."

చూడండి, ఇందులో బావమరిది సంగతి వచ్చింది. అది మొదటి ఉత్తరంలో లేదు. చిన్నదవడమంటే దాచడం కాదు. నాలుగు పేజీలలో దాగినది ఈ పది పన్నెండు వాక్యాలలో బయటపడింది. వియ్యంకుల ఇంటికి వెళ్లే విషయంలో అనుమతి అడగడం కూడా గమనించండి. మొదట ఆయన నేరుగా వెళ్లి చెప్పి వస్తానన్నారు. అలా వెళ్తే ఆ సంగతి మళ్లీ రగిలి అమ్మాయికి మరింత కష్టం కావచ్చు. దిద్దుబాటు ఎలా జరగాలో నిర్ణయించే హక్కు గాయపడినవారిది.

ఇంత నిరాయుధంగా రాస్తే అవతలివారు దీనినే పట్టుకొని నలుగురిలో చూపితే ఏమవుతుందని ఆయన భయపడ్డారు. భయం సహజమే. తబూక్ దండయాత్రకు వెళ్లకుండా మదీనాలో ఉండిపోయిన హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజియల్లాహు అన్హు) స్వయంగా చెప్పిన వృత్తాంతం బుఖారీ, ముస్లింలలో ఉంది. ఎనభైమందికి పైగా వచ్చి సాకులు చెప్పి ప్రమాణాలు చేశారు. దైవప్రవక్త వారి పైకి కనిపించే మాటను స్వీకరించి, లోగుట్టు అల్లాహ్‌కు వదిలివేశారు. కఅబ్ కవి, వాదనలో నేర్పరి. మరెవరి ముందైనా అయితే ఏదో సాకుతో బయటపడగలిగేవాణ్నని ఆయనే అన్నారు. అయినా తనకు ఏ సాకూ లేదని, అప్పటికంటే బలంగా, కలిగినవాడిగా తాను ఎన్నడూ లేనని చెప్పారు. దానికి ఆయనకు వెంటనే దక్కినది మన్నింపు కాదు, యాభై రోజుల వెలి. సాకు చెప్పి ఉంటే సరిపోయేదని తన వంశీయులే ఆయనను నిందించారు. వెనక్కి వెళ్లి మాట మార్చుకుందామా అని ఒక దశలో ఆయనకే అనిపించింది. మార్చుకోలేదు. ఆ తర్వాతే తౌబా స్వీకరించబడిందన్న శుభవార్త వచ్చింది.

జుమా ఖుత్బా చిన్నదిగా ఉండడం ఖతీబు అవగాహనకు గుర్తని హదీసులో ఉంది. చిన్న ఉత్తరం గురించి పెద్ద ప్రసంగం చేస్తున్నామని మాకూ తెలుసు. ఇక ముగిస్తాము.

ఆ సోదరుడు ఉత్తరాన్ని తానే తీసుకువెళ్లి మిత్రుని చేతికి ఇచ్చి, కూర్చోకుండా వచ్చేశారు. జవాబు రాలేదు. పదకొండవ రోజున మా వద్దకు వచ్చి, "హజ్రత్, సరిగా అర్థం కాలేదేమో, ఇంకొక ఉత్తరంలో వివరంగా రాయనా?" అని అడిగారు. రాయవద్దన్నాము. ఆ తర్వాత ఒక ఫజ్ర్‌లో ఆ మిత్రుడు వచ్చి, మునుపటి చోట కాదు, అదే వరుసలో ముగ్గురి అవతల నిలబడ్డారు. సలాం తిప్పాక ఈయన వైపు చూసి, వియ్యంకుల ఇంటికి ఇప్పుడే వద్దని, పండుగ తర్వాత చూద్దామని మాత్రం అన్నారట. మాఫ్ చేశానని అనలేదు. ఈయన ఎదురుచూస్తున్నారు.

అఖూలు ఖౌలీ హాజా, వ అస్తగ్ఫిరుల్లాహ లీ వ లకుమ్.